ఫ్లోరైడ్‌కు కాల్షియం కాపలా

నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరునీటి పరీక్షల్లో తరచూ ఒక పోలిక కనిపిస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్నచోట కాల్షియం తక్కువగా ఉంటుంది. ఇది యాదృచ్ఛికం కాదు. ఇంటర్ రసాయన శాస్త్రంలో చదివే ద్రావణీయతా లబ్ధమే దీనికి కారణం.

కాల్షియం ఫ్లోరైడ్ (CaF₂) నీటిలో చాలా కొద్దిగా కరుగుతుంది. కరిగినంత మేర ఒక కాల్షియం అయాన్, రెండు ఫ్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. ఇక కరగలేని స్థితికి వచ్చిన ద్రావణంలో కాల్షియం గాఢతను ఫ్లోరైడ్ గాఢత వర్గంతో గుణిస్తే, ఒక ఉష్ణోగ్రత వద్ద ఎప్పుడూ ఒకే విలువ వస్తుంది. అదే ద్రావణీయతా లబ్ధం, Ksp. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పాఠ్యపుస్తకాలు తరచుగా ఇచ్చే విలువ 3.9 × 10⁻¹¹. పుస్తకాన్ని బట్టి ఇది కొద్దిగా మారుతుంది.

ఈ నియమంలో స్థిరంగా ఉండేది లబ్ధమే, విడివిడి గాఢతలు కావు. ఒకటి పెరిగితే రెండోది తగ్గి తీరాలి. శుద్ధమైన నీటిలో ఈ లవణాన్ని కరిగించినప్పుడు లీటరుకు సుమారు 8 మి.గ్రా. ఫ్లోరైడ్ చేరుతుంది. అదే నీటిలో మరో లవణం వల్ల కాల్షియం ముందే ఉంటే అంత ఫ్లోరైడ్‌కు చోటుండదు. ఇదే ఉమ్మడి అయాన్ ప్రభావం.

లెక్కలో చూద్దాం. లీటరు నీటిలో 5 మి.గ్రా. ఫ్లోరైడ్, 10 మి.గ్రా. కాల్షియం ఉన్నాయనుకోండి. మోలార్ గాఢతలుగా మారిస్తే ఇవి వరుసగా 2.63 × 10⁻⁴, 2.5 × 10⁻⁴. ఫ్లోరైడ్‌ను వర్గం చేసి కాల్షియంతో గుణిస్తే 1.7 × 10⁻¹¹ వస్తుంది. ఇది Ksp కన్నా తక్కువ కాబట్టి అవక్షేపం రాదు. నీళ్లు తేటగానే ఉంటాయి, ఫ్లోరైడ్ అందులోనే ఉంటుంది. కంటికి కనిపించే తేడా ఏదీ లేకపోవడమే ఈ నీటితో వచ్చిన చిక్కు.

ఇప్పుడు ఇందులో కాల్షియం క్లోరైడ్ కలిపి, కాల్షియాన్ని లీటరుకు 250 మి.గ్రా. దాకా పెంచుదాం. లబ్ధం 4.3 × 10⁻¹⁰ అవుతుంది, అంటే హద్దుకు పదకొండు రెట్లు. కాబట్టి CaF₂ అవక్షేపంగా విడిపోతుంది. లబ్ధం తిరిగి 3.9 × 10⁻¹¹కు దిగేదాకా ఇది సాగుతుంది. చివరికి ద్రావణంలో మిగిలే ఫ్లోరైడ్ సుమారు 1.5 మి.గ్రా. ఈ క్రమంలో ఖర్చయ్యే కాల్షియం నాలుగు మి.గ్రా. లోపే. మిగిలినదంతా ఫ్లోరైడ్‌ను కరగనీయకుండా కాపలా కాయడానికే!

నేలలో జరిగేది దీనికి వ్యతిరేకం. గ్రానైట్ రాళ్ల మధ్య నిలిచిన నీటిలో సోడియం, బైకార్బనేట్ పెరిగితే, కాల్షియం కార్బనేట్‌కు కూడా ఒక ద్రావణీయతా లబ్ధం ఉంది కనుక, కాల్షియం సున్నపు పదార్థంగా విడిపోతుంది. కాపలా తొలగడంతో రాళ్లలోని ఫ్లోరైడ్ మరింతగా నీటిలోకి దిగుతుంది. నీరు చప్పబడి, సబ్బు బాగా నురగనిచ్చే బోరు కదా అని మురిసిపోతే మోసపోవచ్చు. మెత్తనిదైనంత మాత్రాన అది మంచినీరు కాదు.

అయితే సున్నమో, కాల్షియం లవణమో కలిపేసి సమస్య తీర్చేయొచ్చా? పైన లెక్కలో 1.5 మి.గ్రా.కు దిగడానికే 250 మి.గ్రా. కాల్షియం కావలసి వచ్చింది. మన తాగునీటి ప్రమాణం, వేరే నీటి వసతి లేనప్పుడు కూడా, కాల్షియానికి 200 మి.గ్రా. దాకానే అనుమతిస్తుంది. 1 మి.గ్రా.కు దించాలంటే 560కి పైగా కావాలి. గాఢత వర్గంగా లెక్కకు వస్తున్నందువల్ల చివరి కొసరు తగ్గించడానికి ఇంత భారం. పైగా నిజమైన బోరునీటిలోని ఇతర లవణాలు ఈ లెక్కను కొంత సడలిస్తాయి, అవక్షేపం నెమ్మదిగా ఏర్పడుతుంది. కాబట్టి కొలిచి చూస్తే మిగిలిన ఫ్లోరైడ్ కాగితం మీది అంకె కన్నా ఎక్కువే ఉండవచ్చు.

అందుకే నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతి కాల్షియం మీద ఆధారపడలేదు. అందులో పటికను, సున్నాన్ని కలుపుతారు. సున్నం నీటి క్షారతను సరిచేస్తుంది. పటికలోని అల్యూమినియం జిగురు రేకుల్లా హైడ్రాక్సైడ్‌గా విడిపోతూ ఫ్లోరైడ్‌ను తనకు అంటించుకుంటుంది. ఆ రేకులు అడుగుకు చేరాక పై నీటిని వడగట్టి తీసుకుంటారు. దీనికి Ksp అడ్డు తగలదు. బదులుగా పటిక మోతాదు, మిగిలిపోయే అల్యూమినియం, రోజూ తీసి పారేయాల్సిన బురద ఇందులో చూసుకోవలసిన విషయాలు.