‘చెత్త వేరు చేస్తారా?’ అని అడగకూడదు

విజయవాడలో ఏ ఇంటి తలుపు తట్టి ‘మీరు తడి చెత్త, పొడి చెత్త వేరు చేస్తారా?’ అని అడిగినా ‘ఆ, చేస్తామండీ’ అనే జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. అడిగిన మనిషి చేతిలో కాగితాలు, మెడలో గుర్తింపు కార్డు ఉంటే మరీను. మునిసిపాలిటీ వాళ్లు కాబోలు అనుకుని, మంచి జవాబు ఏదో అదే చెబుతారు. పర్యావరణ శాస్త్రంలోనో సోషల్ వర్క్‌లోనో పీజీ చేస్తూ ఇళ్లలోని చెత్త మీద డిసర్టేషన్ రాసే విద్యార్థులు చాలామంది ఈ ప్రశ్నతోనే మొదలుపెడతారు. నూటికి ఎనభై తొంభై మంది ‘అవును’ అన్నాక ఆ అంకెతో ఏం చేయాలో తెలియక తలపట్టుకుంటారు.

చెప్పేదానికీ చేసేదానికీ మధ్య తేడా ఎంత ఉంటుందో అమెరికాలో ఒక పురావస్తు శాస్త్రవేత్త చెత్తబుట్టలు తిరగేసి మరీ చూపించాడు. అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం రాత్జీ 1973లో టూసన్ నగరంలో ఆ పని మొదలుపెట్టాడు. జనం చెప్పిన లెక్కకూ, వాళ్లు పారేసిన ఖాళీ సీసాలు, డబ్బాల లెక్కకూ పొంతన కుదరలేదు. ముఖ్యంగా తాగిన బీరు సంగతి బాగా తగ్గించి చెప్పారు. జనం అబద్ధాలకోరులని దీనర్థం కాదు. ‘సాధారణంగా మీరు ఏం చేస్తారు?’ అని అడిగితే ఎవరైనా తమ మంచి రోజునే గుర్తు చేసుకుంటారు.

ఇప్పుడు ఒక విద్యార్థిని విజయవాడలో ఈ సర్వే చేయబోతోందనుకుందాం. 2021 అక్టోబరు 2న ఆ నగరంలోనే ‘క్లీన్ ఆంధ్రప్రదేశ్’ కార్యక్రమం మొదలైంది. తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం, ప్రమాదకరమైన చెత్తకు ఎరుపు అని ఇంటింటికీ మూడు బుట్టల పద్ధతి తెచ్చారు. ఆమె తెలుసుకోవాలనుకున్నది ఒకటే: అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకూ విడి ఇళ్లలో ఉండేవాళ్లకూ చెత్త వేరు చేయడంలో తేడా ఉందా, ఉంటే అది మనసులోని అభిప్రాయం వల్లా, వీలు వల్లా?

ఈ ఒక్క వాక్యం తేల్చుకుంటే ప్రశ్నావళి సగం తయారైనట్టే. ఏమి చేస్తున్నారన్నది ఒక భాగం, ఏమనుకుంటున్నారన్నది రెండో భాగం, వీలు ఎంత ఉందన్నది మూడోది. చివర్లో ఇంటి వివరాలు. ఆదాయం, చదువు లాంటివి మొదట్లోనే అడిగితే జనం బిగుసుకుపోతారు.

చేసే పని గురించి అడిగేటప్పుడు ‘నిన్న’ అన్నది బాగా పనికొస్తుంది. ‘నిన్న కూరగాయల తొక్కలు దేంట్లో వేశారు?’ అని అడిగి, ఆకుపచ్చ బుట్ట, అన్నీ కలిపి వేసే బుట్ట, ప్లాస్టిక్ సంచి, మొక్కల మొదట్లో, పశువులకు, నిన్న వంట చేయలేదు అని ఎంపికలు ఇవ్వాలి. వీటిలో ఏది ఒప్పు, ఏది తప్పు అన్న వాసన తగలకూడదు. తర్వాత పాల ప్యాకెట్ల గురించి ఇలాగే ఒక ప్రశ్న. రెండు జవాబులూ కలిపి చూస్తే ఆ ఇంట్లో నిన్న చెత్త వేరైందో లేదో మనమే తేల్చవచ్చు. వాళ్ల చేత ‘వేరు చేస్తాం’ అనిపించాల్సిన పనే లేదు. ప్రతి నాలుగో ఇంట్లో అనుమతి అడిగి బుట్టలోకి ఒకసారి తొంగిచూసి రాసుకుంటే ఇంకా గట్టి. చెప్పినదానికీ కనిపించినదానికీ ఎంత తేడా ఉందో డిసర్టేషన్‌లో ఒక పట్టికగా ఇవ్వవచ్చు. నా ఉద్దేశంలో మొత్తం పనిలో అన్నిటికన్నా విలువైన పట్టిక అదే అవుతుంది.

అభిప్రాయాల భాగం వేరే రకం. ఇక్కడ 1932లో రెన్సిస్ లైకర్ట్ చూపిన పద్ధతి వాడతారు. ఒక వాక్యం చెప్పి, గట్టిగా ఒప్పుకుంటారా, ఒప్పుకుంటారా, ఎటూ చెప్పలేరా, ఒప్పుకోరా, అసలు ఒప్పుకోరా అని అయిదు మెట్లలో అడగడం. ‘వేరు చేసి ఇచ్చినా బండివాళ్లు మళ్లీ కలిపేస్తారు’, ‘చెత్త వేరు చేయడం మా పని కాదు, మునిసిపాలిటీ పని’, ‘వేరు చేయడానికి పెద్దగా సమయం పట్టదు’ లాంటి వాక్యాలన్నమాట. ఒక్కో వాక్యంలో ఒకే సంగతి ఉండాలి. ‘చెత్త బండి రోజూ, సమయానికి వస్తుంది’ అన్న వాక్యానికి, రోజూ వచ్చినా వేళాపాళా లేని వీధివాళ్లు ఏమని జవాబు చెబుతారు? కొన్ని వాక్యాలు అనుకూలంగా, కొన్ని వ్యతిరేకంగా ఉండాలి. అన్నిటికీ తలూపేవాళ్లు అప్పుడే బయటపడతారు. చెత్త పన్ను ప్రస్తావన ఈ భాగంలో తేకపోవడమే మంచిది. దాని మీద రాష్ట్రంలో నడిచిన గొడవ వల్ల, చెత్త మీది అభిప్రాయానికి బదులు ప్రభుత్వం మీది అభిప్రాయం వచ్చి కూర్చుంటుంది.

ఇంతకీ అడిగేది ఎవరిని? చెత్త ఇంటిది, అభిప్రాయం మనిషిది. తలుపు తీసిన పెద్దాయన ఎంతో ఓపికగా జవాబులు చెప్పవచ్చు గానీ, ఆయన ఏనాడూ బుట్ట ముట్టుకుని ఉండకపోవచ్చు. అందుకే మొదట ‘మీ ఇంట్లో చెత్త తీసి బయట ఇచ్చేది ఎవరండీ?’ అని అడిగి, వాళ్లతోనే మాట్లాడాలి. అది పనిమనిషి అయితే ఆ సంగతి రాసుకుని, వంటింటి వ్యవహారం చూసే ఇంటివాళ్లను అడగాలి. అత్తగారు పక్కన కూర్చుంటే కోడలి జవాబు అత్తగారి జవాబే అవుతుంది. వీలైతే విడిగా మాట్లాడాలి, కాకపోతే పక్కన ఎవరున్నారో రాసుకోవాలి.

అసలు సర్వేకు ముందు ఓ పాతిక ఇళ్లలో ప్రశ్నావళిని పరీక్షించాలి. జవాబు రాసుకోవడంతో సరిపెట్టకుండా ‘ఈ ప్రశ్న మీకు ఎలా అర్థమైందండీ?’ అని అడగాలి. ‘ప్రమాదకర చెత్త’ అంటే గాజు పెంకులని ఒకరు, ఆసుపత్రి సూదులని ఒకరు అంటే, పాత మందులు, డైపర్లు, కాలిపోయిన బల్బులు అని పేరుపేరునా అడగాల్సిందే.

ఇక శాంపిల్ సంగతి. ‘384 మంది చాలు’ అన్న మాట మన విశ్వవిద్యాలయాల్లో మంత్రంలా తిరుగుతోంది. అది గాల్లోంచి వచ్చింది కాదు. మొత్తం నగరానికి ఒకే ఒక్క శాతం చెప్పాలి, అది అటూఇటూ అయిదు పాయింట్లకు మించి తప్పకూడదు, నూటికి తొంభై అయిదుసార్లు ఆ మాట నిలబడాలి అనుకుంటే సూత్రం 384.16 ఇస్తుంది. కానీ మన విద్యార్థిని అడిగింది నగరం మొత్తం శాతం కాదు, రెండు రకాల ఇళ్ల మధ్య తేడా. లెక్క మారిపోతుంది.

ఒకవైపు నూటికి 60 ఇళ్లు, మరోవైపు 45 ఇళ్లు వేరు చేస్తుంటే ఆ తేడా తన కంటబడాలని ఆమె కోరుకుంటోందనుకుందాం. నిజంగా అంత తేడా ఉన్నప్పుడు దాన్ని పట్టుకునే అవకాశం నూటికి ఎనభై ఉండాలంటే ఒక్కో రకంలో 170 ఇళ్లు, మొత్తం 340 కావాలి. ఇక్కడితో అయిపోలేదు. ఒకే వీధివాళ్లు ఒకే బండికి చెత్త ఇస్తారు, ఒకరిని చూసి ఒకరు చేస్తారు. కాబట్టి ఒక వీధిలో పది ఇళ్లు అడిగితే పది కొత్త సంగతులు రావు. ఆ పోలిక ఎంతో ముందే తెలియదు గనుక 0.05 అని ఒక ఊహ పెట్టుకుందాం. ఒక్కో వీధిలో తీసుకునే ఇళ్లలోంచి ఒకటి తీసేసి, మిగిలినదాన్ని ఈ 0.05తో గుణించి, ఒకటి కలపాలి. పది ఇళ్లయితే 1.45 వస్తుంది. 340ని దానితో గుణిస్తే 493. అయిదు ఇళ్లే తీసుకుంటే 1.2, అంటే 408 చాలు. ఎక్కువ వీధులు తిరిగి, ఒక్కో చోట తక్కువ ఇళ్లు అడగడం వల్ల 85 ఇళ్లు తగ్గాయి. నూటికి పదిహేను ఇళ్లు తాళం వేసో, ‘ఇప్పుడు కాదమ్మా’ అనో తప్పుకుంటాయనుకుంటే 480 ఇళ్ల జాబితాతో బయల్దేరాలి.

తాళం వేసిన ఇంటికి బదులు పక్కింటిని అడిగేయడం అందరూ చేసే పనే గానీ, అది శాంపిల్‌ను పాడు చేస్తుంది. పగలు తాళం ఉండే ఇళ్లు ఎక్కువగా ఇంటిల్లిపాదీ ఉద్యోగాలకు వెళ్లేవి. చెత్త బండి వచ్చే వేళకు ఇంట్లో మనిషి లేక ఇబ్బంది పడేది వాళ్లే. సాయంత్రమో ఆదివారమో మరో రెండుసార్లు వెళ్లి చూడాలి. అలాగే ఆన్‌లైన్ ఫారం వాట్సాప్ గ్రూపుల్లో పంపితే రెండు రోజుల్లో అయిదు వందల జవాబులు రావచ్చు. అవి ఎవరికి చెందినవో చెప్పలేం. ఇంటి పన్ను జాబితా నమ్మదగ్గదే గానీ, పన్ను లెక్కలోకి రాని గుడిసెలు అందులో ఉండవు. ఆ లోటును వార్డు పటం పట్టుకుని నడిచి పూడ్చుకోవాలి.

జవాబులు వచ్చాక వ్యతిరేక వాక్యాల మార్కులు తిరగేసి, ఒకే భావానికి చెందిన వాక్యాలను కలిపి ఒక స్కోరు చేయాలి. అవి నిజంగా ఒకే మాట చెబుతున్నాయా అన్నది క్రాన్‌బాక్ ఆల్ఫా చూపుతుంది. 0.7 దాటితే సరేననుకుంటారు. మరీ తక్కువగా ఉంటే మార్కులు తిరగేయడం మరిచారేమో మొదట చూసుకోవాలి.

మన ఊహా సర్వేలో 204 అపార్ట్‌మెంట్ ఇళ్లలో 122, 204 విడి ఇళ్లలో 92 చెత్త వేరు చేస్తున్నాయనుకుందాం. కై-స్క్వేర్ విలువ 8.8 వస్తుంది. వీధి పోలికను లెక్కలోకి తీసుకుని 1.2తో భాగిస్తే 7.4. యాదృచ్ఛికంగా ఇంత తేడా రావడం అరుదని చెప్పడానికి 3.84 దాటితే చాలు. కానీ అక్కడ ఆగితే చదివేవాళ్లకు ఒరిగేదేమీ లేదు. తేడా దాదాపు 15 పాయింట్లు, అసలు తేడా 4 నుంచి 25 మధ్య ఎంతైనా ఉండవచ్చు అని రాయాలి. ఇంత వెడల్పా అని పరీక్షకులు అడిగితే, 408 ఇళ్లతో తేలేది అంతేనని చెప్పడమే నిజాయతీ.

తర్వాత అదే పట్టికను బండి రోజూ వచ్చే ఇళ్లు, రాని ఇళ్లు అని విడగొట్టాలి. బండి రోజూ వచ్చేచోట రెండు రకాల ఇళ్లూ ఒకేలా ఉంటే, తేడా అపార్ట్‌మెంట్‌ది కాదు, బండిదని అనుమానించవచ్చు. అభిప్రాయం, బండి, చదువు, ఇంటి రకం అన్నీ కలిపి తూచడానికి లాజిస్టిక్ రిగ్రెషన్ వాడతారు. ఏ పద్ధతి వాడినా, ఒకసారి చేసిన సర్వే ఏది కారణమో, ఏది ఫలితమో తేల్చదు. మంచి అభిప్రాయం ఉన్నందువల్ల వేరు చేస్తున్నారా, రోజూ వేరు చేస్తూ చేస్తూ మంచి అభిప్రాయం ఏర్పడిందా అన్నది ఈ కాగితాల్లో దొరకదు. ఆ మాట డిసర్టేషన్‌లో విద్యార్థే ముందుగా రాసుకుంటే మంచిది.

చదివే మీకు ఒక మాట. ఎవరైనా విద్యార్థి మీ గుమ్మంలో నిలబడి నిన్న కూరగాయల తొక్కలు దేంట్లో వేశారని అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పండి. అన్నీ ఒకే సంచిలో వేశామన్న జవాబు కూడా ఆ సర్వేకు కావలసిన జవాబే.