పాత ఫ్లాట్‌కు బేరం: లెక్క ఎక్కడ మొదలవ్వాలి?

కూకట్‌పల్లిలో పదిహేనేళ్ల నాటి 1,200 చదరపు అడుగుల ఫ్లాట్‌కు ఓనరు 72 లక్షలు చెబుతున్నాడనుకుందాం. అంటే అడుగుకు 6,000. ‘కొంచెం తగ్గించండి’ అంటే తగ్గేది కొంచెమే. ఆధారం చూపిస్తేనే బేరం కదులుతుంది.

ఆ ఆధారం అదే అపార్ట్‌మెంట్‌లో దొరుకుతుంది. ఏడాదిలోపు అక్కడ అమ్ముడైన ఫ్లాట్లు ఎంతకు పోయాయో వాచ్‌మన్, అసోసియేషన్ వాళ్లు, కొన్నవాళ్లు చెప్పగలరు. రిజిస్ట్రేషన్ దస్తావేజులోని ధర ఒక్కదాన్నే నమ్మకూడదు, చాలాసార్లు అది అసలు ధరకంటే తక్కువ. వెబ్‌సైట్లలో కనిపించేవి అడిగే ధరలు, అమ్ముడైనవి కావు.

మన ఉదాహరణలో బాత్రూములు కొత్తగా కట్టించిన ఫ్లాట్ అడుగు 5,600కు, రిపేర్లు చేయనిది 5,400కు పోయాయి.

ఇక ఫ్లాట్ పరిస్థితి. కింది ఇంటివాళ్లను అడిగి వాళ్ల బాత్రూమ్ సీలింగ్ చూడాలి. అక్కడ పెచ్చులూడి, తడి మరకలుంటే పైన వాటర్‌ప్రూఫింగ్ పోయినట్టే. సున్నం కొట్టి దాచలేని సాక్ష్యమది. బాత్రూములు, వైరింగ్, పైపులకు మేస్త్రీ రాతపూర్వకంగా 3.2 లక్షల అంచనా ఇచ్చాడనుకుందాం.

బాగుచేసిన ఫ్లాట్ ధరతో 67.2 లక్షలు. రిపేర్లు తీసేస్తే 64. రిపేర్లు చేయనిదాని లెక్కన 64.8. రెండూ దగ్గరగా వచ్చాయి. చాలామంది ఈ రెండో ధరలోంచి కూడా రిపేర్లు కోస్తారు. అది రెండుసార్లు తగ్గించడం, ఓనరు వెంటనే పట్టేస్తాడు. 62 దగ్గర మొదలుపెట్టి, అంచనా కాగితం ముందుంచి, 65 దాటకుండా ఆగడం న్యాయమైన బేరం.