ఫైళ్లు చూశాకే ధర చెప్పండి

విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ వ్యాపారి ఉన్నారనుకుందాం. పైతాన్ తెలిసిన కుర్రాడొకరికి ఫోన్ చేసి ఇలా అడుగుతారు: “మా మూడు బ్రాంచీల కస్టమర్ల లిస్టులు మూడు ఫైళ్లలో ఉన్నాయి బాబూ. అన్నీ కలిపి, డూప్లికేట్లు తీసేసి ఒకే లిస్టు చేసివ్వాలి. ఎంత తీసుకుంటావ్?”

కుర్రాడికి ఇది చాలా తేలికైన పనిగా కనిపిస్తుంది. పాండాస్ లైబ్రరీలో ఫైళ్లు కలపడానికి ఒక లైను, డూప్లికేట్లు తీసేయడానికి ఇంకో లైను చాలు. అందుకే వెంటనే “రెండు వేలివ్వండి సార్” అనేస్తాడు. చిన్న స్క్రిప్టుల పనిలో నష్టం ఎక్కువగా ఈ ఒక్క మాటతోనే మొదలవుతుంది. కోడ్ రాయడానికి పట్టే టైమును బట్టి అతను ధర చెప్పాడు. అసలు టైమంతా తినేది మాత్రం ఆ ఫైళ్లలో మనుషులు ఇన్నేళ్లుగా ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టిన అంకెలూ పేర్లూ. వాటిని చూడకుండా ధర చెప్పడం కుదరదు.

చూడటమంటే మొదటి ఇరవై వరుసలు పైపైన చూడటం కాదు. దీనికి ఒక మంచి పద్ధతి ఉంది. ఫోన్ నంబర్ల కాలమ్‌లో ప్రతి అంకెనూ 9గా, ప్రతి ఇంగ్లిష్ అక్షరాన్నీ Aగా మార్చేసి, ఒక్కో ఆకారం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి.

```python
m = df["Mobile"].fillna("-")
m = m.str.replace(r"[A-Za-z]", "A", regex=True)
m = m.str.replace(r"[0-9]", "9", regex=True)
print(m.value_counts())
```

ఫైళ్లు చదివేటప్పుడే `dtype=str` అని ఇచ్చి, అన్నిటినీ అక్షరాలుగానే తీసుకోవాలి. లేకపోతే నంబరు మొదట్లో ఉన్న సున్నా మనం చూడకముందే పోవచ్చు. మన వ్యాపారి ఫైళ్లలో మొత్తం 6,214 వరుసలున్నాయనుకుంటే, ఫలితం ఇలా రావచ్చు:

```
9999999999               5310
999999999999              402
+99 99999 99999           188
99999 99999               151
99999999999                96
9999999999/9999999999      41
-                          14
9.99999A+99                12
```

ధర ఎంతన్నది ఈ పట్టికే చెబుతుంది. మొదటి నాలుగు రకాలతో పెద్ద పేచీ లేదు. ఖాళీలు తీసేసి, ముందున్న 91 తొలగించి, మిగిలిన పది అంకెలు 6, 7, 8, 9లలో ఒకదానితో మొదలయ్యాయో లేదో చూస్తే సరిపోతుంది.

పదకొండు అంకెలున్న 96 వరుసల దగ్గర జాగ్రత్త అవసరం. వాటిలో కొన్ని ముందు సున్నా పెట్టి రాసిన సెల్ నంబర్లు, కొన్ని 0866తో మొదలయ్యే విజయవాడ ల్యాండ్‌లైన్లు. గుడ్డిగా సున్నా తీసేస్తే ల్యాండ్‌లైన్ కాస్తా 8662తో మొదలయ్యే పది అంకెల నంబరై, అచ్చం సెల్ నంబరులా కనిపిస్తుంది. స్క్రిప్టు ఏ ఎర్రరూ చూపదు. రేపు బాకీ గురించి పంపే మెసేజ్ మాత్రం ముక్కూముఖం తెలియని మనిషికి వెళ్తుంది.

చివరి 12 వరుసల సంగతి ఇంకా కష్టం. ముందు 91 చేర్చిన పన్నెండంకెల నంబరును ఎక్సెల్ మామూలుగా 9.19848E+11 అని కుదించి చూపిస్తుంది. ఎక్సెల్ ఫైలుగా ఉన్నంతవరకు లోపల నంబరు భద్రంగానే ఉంటుంది. ఎవరైనా దాన్ని అలాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే, తెరమీద కనిపించిందే ఫైల్లోకి వెళ్తుంది, చివరి ఆరంకెలు పోతాయి. వాటిని ఏ ప్రోగ్రామూ తిరిగి తేలేదు. ఆ మాట పని ఒప్పుకోకముందే చెప్పాలి. డబ్బు తీసుకున్నాక చెబితే సాకులా వినిపిస్తుంది.

ఇక డూప్లికేట్ల విషయం. ఒకే నంబరు మీద రెండు షాపుల పేర్లుంటే అది ఒకే షాపా, లేక తండ్రి పేరున ఒకటి, కొడుకు పేరున ఒకటా? రెండు వరుసల్లోనూ బాకీ ఉంటే కలపాలా, కొత్తది ఉంచి పాతది తీసేయాలా? దీనికి జవాబు పైతాన్‌లో దొరకదు, వ్యాపారికే తెలియాలి. మందుల షాపులకైతే ఒక సదుపాయం ఉంది. డ్రగ్ లైసెన్సు షాపు ఉన్న చోటును బట్టి ఇస్తారు కాబట్టి, లిస్టులో ఆ నంబరు ఉంటే ఫోన్ నంబరుకన్నా దాన్నే నమ్మొచ్చు. అది లేనప్పుడు నేను చెప్పేది ఒకటే: ఖాయంగా తెలిసినవే కలపాలి, అనుమానం ఉన్నవన్నీ విడిగా ఒక షీటులో పెట్టి యజమాని చేతికివ్వాలి. అనుమానాలు తీర్చే బాధ్యత కూడా నెత్తిన వేసుకుంటే ఫిక్స్‌డ్ ధరలో ఆ పని ఎప్పటికీ తెమలదు.

అందుకే ఒప్పుకునేముందు ఒక చిన్న కాగితం రాసుకోవాలి. వాట్సాప్ మెసేజ్ అయినా ఫర్వాలేదు, మాటలు మాత్రం స్పష్టంగా ఉండాలి. ఉదాహరణకు:

“మీరు పంపిన మూడు ఫైళ్లు (మొత్తం 6,214 వరుసలు) కలిపి ఒకే ఎక్సెల్ ఫైలు ఇస్తాను. అందులో మూడు షీట్లుంటాయి: శుభ్రం చేసిన లిస్టు, తీసేసిన డూప్లికేట్లు, మీరు చూసి తేల్చాల్సినవి. మూడు షీట్ల వరుసలూ కూడితే 6,214 రావాలి. పేర్ల స్పెల్లింగులు దిద్దడం, పోయిన నంబర్లు కనుక్కోవడం ఇందులో లేవు. మీ ఒరిజినల్ ఫైళ్లు ముట్టుకోను. ఇచ్చాక రెండుసార్లు మార్పులు చేస్తాను. నా కోడ్‌లో తప్పు ఉంటే 15 రోజుల్లోపు ఉచితంగా సరిచేస్తాను. నాలుగో ఫైలు కలపాలన్నా, కాలమ్‌లు మారినా విడిగా మాట్లాడుకుందాం.”

ఈ కాగితంలో అన్నిటికన్నా బలమైన వాక్యం కూడిక గురించినది. 5,102 శుభ్రమైనవి, 840 డూప్లికేట్లు, 272 తేల్చాల్సినవి అని వస్తే మొత్తం 6,214. ఒక్క వరుస కూడా ఎక్కడా మాయం కాలేదని కోడ్ తెలియని మనిషి కూడా సరిచూసుకోగలడు. పని అయిందా లేదా అన్న వాదన అక్కడితో ఆగుతుంది.

ధర ఇప్పుడు వేసుకోవచ్చు. ఫైళ్లు చూడటానికి రెండు గంటలు, రాయడానికి నాలుగు, పరీక్షించడానికి మూడు, వాళ్ల కంప్యూటర్లో నడిచేలా పెట్టడానికి రెండు, మార్పులకు మూడు అనుకుంటే మొత్తం పద్నాలుగు గంటలు. గంటకు 700 చొప్పున 9,800 అవుతుంది. ఊహించనివాటికి పావు వంతు కలిపితే 12 వేల చిల్లర, 12 వేలని చెప్పొచ్చు. సగం అడ్వాన్సు తీసుకోవాలి. లిస్టు ఒక్కసారి ఇస్తే చాలనుకుంటే ఆ రెండు గంటలు తగ్గించొచ్చు. ప్రతి నెలా వాళ్లే నడుపుకోవాలంటే మాత్రం అవి తప్పవు. ఆ కంప్యూటర్లో పైతాన్ ఉండదు, పైఇన్‌స్టాలర్‌తో ఈఎక్స్‌ఈ చేసిస్తే దాన్ని వైరస్ అనుకుని యాంటీవైరస్ ఆపేసే సందర్భాలూ ఉన్నాయి. ఆఫీసులో కూర్చుని ఒకసారి నడిపి చూపించేదాకా పని పూర్తయినట్టు కాదు.

ఫైళ్లన్నీ ముందే చూపించడానికి కొందరు యజమానులు సందేహిస్తారు. అవి వాళ్ల ఖాతాదారుల నంబర్లు కాబట్టి ఆ భయం న్యాయమైనదే. పని ముగిశాక కాపీలు చెరిపేస్తానని ఆ కాగితంలోనే రాసివ్వాలి, నిజంగా చెరిపేయాలి. పని చేయించుకునేవారికీ ఒక మనవి: స్క్రీన్‌షాట్లు పంపకండి, సీఎస్‌వీగా మార్చి పంపకండి. బ్రాంచీలో రోజూ వాడే ఫైలు ఎలా ఉందో అలాగే పంపండి.