పీక్ ఒకటే, మోత వేరు

మృదంగం మీద ఒక గట్టి దెబ్బ, నాదస్వరంలో ఆపకుండా ఊదిన స్వరం. మీటరులో రెండూ ఒకే గీతను తాకేలా సర్ది వింటే, నాదస్వరమే ఎక్కువ మోగినట్టుంటుంది. మీటరు తప్పేమీ చెప్పలేదు. అది చూపింది పీక్‌ను, అంటే సిగ్నల్ ఒక్క క్షణంలో ఎగిసిన ఎత్తును. డిజిటల్ ఆడియోలో ఆ ఎత్తుకు సున్నా డెసిబెల్ దగ్గర పైకప్పు ఉంది. అది దాటితే అల కొన తెగి శబ్దం పగులుతుంది. అందుకే పీక్‌ను కనిపెట్టి ఉండాలి. అయితే చెవి క్షణాన్ని కాదు, కొంత సేపటి శక్తిని కూడి వింటుంది.

చెవికి దగ్గరైన కొలతను అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో ‘బీఎస్ 1770’ పేరుతో తెచ్చింది. ముందుగా లోతైన బేస్‌ను కాస్త తగ్గించి, పై శ్రుతులను కాస్త పెంచుతారు. తర్వాత పాటను 400 మిల్లీసెకన్ల ముక్కలుగా తీసుకుని వాటి శక్తికి సగటు కడతారు. ఇక్కడ ఒక దొంగదారి ఉండేది: మధ్యలో రెండు నిమిషాలు గుసగుసలు పెడితే సగటు దిగిపోతుంది, ఆ చాటున మిగతాదాన్ని ఎంతైనా మోగించుకోవచ్చు. 2011 సవరణ ఆ దారి మూసింది. ఇప్పుడు నిశ్శబ్దాన్నీ, సగటుకు 10 యూనిట్లకు పైగా కిందున్న ముక్కలనూ లెక్కలోంచి తీసేస్తారు. మిగిలినదాని సగటే ఇంటిగ్రేటెడ్ లౌడ్‌నెస్. దాన్ని ‘లఫ్స్’లో చెబుతారు.

పక్కవాడి పాటకన్నా మన పాట గట్టిగా వినపడాలన్న పోటీలో, పీక్‌లను లిమిటర్‌తో అణిచి మొత్తాన్ని పైకి నెట్టడం సీడీల కాలంలో రివాజైంది. 2008లో వచ్చిన మెటాలికా ఆల్బమ్ ‘డెత్ మాగ్నెటిక్’ శబ్దం పగిలిపోతోందని అభిమానులే గోల చేశారు. అవే పాటలు ‘గిటార్ హీరో’ వీడియో గేమ్‌లో అంతగా అణచకుండా, శుభ్రంగా వినిపించాయి మరి.

స్ట్రీమింగ్‌లో ఏ పాట పక్కన ఏ పాట వస్తుందో ఎవరికీ తెలియదు. ఒక్కో పాటకూ వినేవాళ్లు వాల్యూమ్ తిప్పుకోకుండా స్పాటిఫై మామూలు సెట్టింగులో అన్నిటినీ మైనస్ 14 లఫ్స్‌కు తెస్తుంది. మైనస్ 8 దగ్గర తయారైన మాస్ పాటకు 6 డెసిబెళ్లు కోత పడుతుంది. మైనస్ 20లో ఉన్న మెలొడీని 6 పెంచాలి. కానీ దాని పీక్ మైనస్ 5 దగ్గరుంటే, పైన 1 డెసిబెల్ ఖాళీ ఉంచాలి కాబట్టి 4 మాత్రమే పెంచి మైనస్ 16 దగ్గర ఆపేస్తుంది. అంటే ఎంత పెంచవచ్చో తేల్చేది పీకే. యూట్యూబ్ అయితే తగ్గించడమే తప్ప పెంచదు.

ఈ కోతను కళ్లారా చూడవచ్చు. కంప్యూటర్లో యూట్యూబ్ వీడియో మీద రైట్ క్లిక్ చేసి `Stats for nerds` నొక్కండి. `Volume / Normalized` వరసలో `100% / 50% (content loudness 6.0dB)` అని ఉంటే, ఆ పాట లక్ష్యం కంటే 6 డెసిబెళ్లు ఎక్కువగా వచ్చిందనీ, సిగ్నల్‌ను సగానికి దించారనీ అర్థం. మోత తగ్గినా, లిమిటర్ కింద నలిగిన డ్రమ్ము దెబ్బ మాత్రం తిరిగి లేవదు.