గోడ లేపకముందే కాగితం

స్లాబు పడ్డాక ఇంటాయన హాల్లో నిలబడి, "మేస్త్రీ గారూ, ఇక్కడో గోడ కట్టి పూజగది చేసెయ్యండి" అంటాడు. "అలాగేనండీ" అంటాడు మేస్త్రీ. ధర మాట ఎవరూ ఎత్తరు. చదరపు అడుగు లెక్కన కుదుర్చుకున్న ఒప్పందంలో ఆ గోడ లేదు. ఆఖరి బిల్లులో అది కనపడినప్పుడు గొడవ మొదలవుతుంది.

ధర కట్టడం కష్టమేం కాదు. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు, నాలుగున్నర అంగుళాల గోడ అనుకుందాం. 100 చదరపు అడుగుల్లో తలుపుకు 21 పోతే కట్టుబడి 79. ప్లాస్టరింగు రెండు వైపులా కాబట్టి 158. సామానుతో కలిపి కట్టుబడికి అడుగుకు 110 రూపాయలు, ప్లాస్టరింగుకు 50 చొప్పున కుదిరితే 16,590. తలుపు, లింటెల్, రంగు వేరు. చాలామంది మరిచేది మరొకటుంది: ఆ గోడ కోసం స్విచ్ బోర్డు జరపాలంటే పగలగొట్టి, పైపు మార్చి, మళ్ళీ పూత వెయ్యాలి. దీనివల్ల మానేసిన పనేదైనా ఉంటే ఆ సొమ్ము తగ్గించాలి కూడా.

పని మొదలుపెట్టే ముందే ఒక కాగితం మీద తేదీ, పని వివరం, కొలతలు, రేటు, మొత్తం, ఎన్ని రోజులు పెరుగుతాయో, డబ్బు ఎప్పుడిస్తారో రాసి ఇద్దరూ సంతకాలు చెయ్యాలి. యజమాని ఊళ్ళో లేకపోతే ఇదే వివరం వాట్సాప్‌లో పంపి, "32,000కు ఒప్పుకున్నాను, మొదలుపెట్టండి" అని జవాబు రాయించుకోవాలి. బొటనవేలి బొమ్మ దేనికి ఒప్పుకున్నట్టో చెప్పదు. భార్యాభర్తల్లో సంతకం ఎవరిదన్నది ఒప్పందంలోనే తేల్చుకుంటే మంచిది.