నిమిషానికి రూపాయి

శ్రావణమాసం మొదలయ్యే ముందు మల్కాజిగిరిలో ఉండే మా వదిన 12 గుమ్మం తోరణాలు చేసింది. ఊలుతో చేసిన బంతిపూలు, వాటి మధ్య ఆకుపచ్చ మామిడాకులు, ప్రతి దండ చివరా ఒక మువ్వ. ఒక్కోటి 350 రూపాయలన్నది. వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందే అన్నీ అమ్ముడుపోయాయి. చేతికి 4,200 రూపాయలు వచ్చాయి. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని లెక్క రాశాం. సరుకుకు, పెట్టెలకు, బేగంబజారుకు వెళ్లివచ్చిన ఆటోకు పోగా మిగిలింది 960. పట్టిన సమయం 64 గంటలు. అంటే గంటకు 15 రూపాయలు.

350 అన్న ధర ఎలా వచ్చిందని అడిగాను. "సరుకుకు 230 అయింది, దానికి సగం కలిపా" అంది. పండుగ అలంకరణలు చేసి అమ్మే ఇళ్లలో చాలాచోట్ల ధర ఇలాగే పుడుతుంది. కొందరు సగం కలుపుతారు, కొందరు రెట్టింపు చేస్తారు. సరుకు ఖరీదుకూ చేతిపనికీ సంబంధం లేదు కాబట్టి ఈ పద్ధతి నిలవదు. ఖరీదైన జరీ అంచు కుట్టడానికి పది నిమిషాలు పట్టొచ్చు. పది రూపాయల ఊలుతో చేసే పూలకు పావుగంట పైనే పట్టొచ్చు. రెండో పని చేసేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

అందుకని మళ్లీ మొదట్నుంచి రాశాం. మూడున్నర అడుగుల గుమ్మానికి సరిపోయే తోరణం అది. పై పట్టీ మీద 13 పూలు, కింద వేలాడే 9 దండలకు మూడేసి చొప్పున 27, మొత్తం 40 పూలు. పువ్వు గుండ్రంగా రావడానికి చుట్టిన ఊలును కత్తిరించి చదును చేయాలి. ఆ కత్తిరింపులో అయిదో వంతు నేల మీదికి పోతుంది. తయారైన పువ్వును తూచితే 4 గ్రాములే ఉంటుంది గానీ ఖర్చయ్యేది 5 గ్రాములు. తూకం వేసేటప్పుడు ఉండనే తూచాలి, పువ్వును కాదు. 50 గ్రాముల ఉండ 30 రూపాయలు కాబట్టి పువ్వుకు 3 రూపాయలు, నలభైకి 120. మువ్వలకు 27. ఆకులకు ఫెల్ట్ షీట్, పూసలు, లేసు, పట్టీకి కాన్వాసు గుడ్డ, దారం, జిగురు కలిపి 83. వదిన చెప్పిన 230 ఇదే. ఆమె మరిచిపోయినవి రెండు. పెట్టెకూ కవరుకూ 30 రూపాయలు. ఆటోకైన 200ను ఆ విడత తెచ్చిన 20 తోరణాల సరుకు మీద పంచితే ఒక్కోదానికి 10. అసలు ఖర్చు 270.

సమయం సంగతికొస్తే, అంచనా మీద ఆధారపడకూడదని ఒక తోరణం పూర్తిగా ఫోన్‌లో గడియారం పెట్టుకుని చేయించాను. పువ్వుకు 5 నిమిషాల చొప్పున 200 నిమిషాలు. ఆకులు కత్తిరించి ఈనెలు కుట్టడం, దండలు గుచ్చడం, పట్టీ కుట్టి దండలు బిగించడం, పెట్టెలో సర్దడం కలిపి మరో 120. మొత్తం 5 గంటల 20 నిమిషాలు. అంతకుముందు అడిగితే వదిన "మూడు గంటలు పడుతుందేమో" అంది. పూలు టీవీ చూస్తూ చేసేది గనుక ఆ సమయం ఆమె లెక్కలోకే రాలేదు.

గంటకు ఎంత కట్టాలి? నేను అడిగిన ప్రశ్న ఒకటే: "ఈ పనికి ఇంకొకరిని పెట్టుకుంటే ఎంత ఇస్తావు?" తనకు తాను ఎంత ఇచ్చుకోవాలో చెప్పలేకపోయిన మనిషి దీనికి మాత్రం వెంటనే 60 అంది. అంటే నిమిషానికి రూపాయి. ఇక లెక్క తేలికైంది: 320 నిమిషాలు, 320 రూపాయలు. ఖర్చు, కూలి కలిపితే 590. దాని మీద 15 శాతం. బజారులో తిరిగిన గంటలు, ఫొటోలు తీసి పంపడం, ఫోన్లలో బేరాలు, చెడిపోయిన పూలు, ఆపైన మిగిలే లాభం, అన్నీ ఈ 15 శాతంలోనే ఉండాలి. ధర 680 అయింది.

"680 అంటే ఎవరు కొంటారమ్మా!" అంది వదిన. ఆమె భయం నిజమే. అప్పటికే ఎదురింటావిడ "ఏమండీ, బజార్లో 200కే దొరుకుతున్నాయి కదా" అని వెళ్లింది. ఇలాంటప్పుడు ఎక్కువమంది చేసేది కూలి తగ్గించుకోవడం. నేను తగ్గించమన్నది కూలి కాదు, పూలు. ఒక్కో పువ్వుకు 3 రూపాయల ఊలు, 5 రూపాయల కూలి, మొత్తం 8 రూపాయలవుతోంది. పై పట్టీ మీది 13 పూలు తీసేసి, 20 రూపాయలు ఎక్కువ పెట్టి వెడల్పాటి జరీ అంచు వేశాం. దండకు మూడు పూల బదులు రెండు, మధ్యలో కాస్త ఖాళీ. 22 పూలు తగ్గాయి. ఖర్చు 224, సమయం 210 నిమిషాలు, రెండూ కలిపి 434. 15 శాతం కలిపితే 500కు ఒక్క రూపాయి తక్కువ. నా కంటికి ఈ రెండోదే అందంగా ఉంది. పూలు కిక్కిరిసి లేవు కాబట్టి మువ్వలు కదులుతాయి.

ఒక దుకాణం వాళ్లు తమ దగ్గర పెట్టి అమ్ముతామని, 30 శాతం తమకని అడిగారు. 500లో 150 పోతే చేతికొచ్చేది 350, చేయడానికయ్యేది 434. దుకాణంలో పెట్టాలంటే ధర కనీసం 620 ఉండాలి. అప్పుడు ఇంటి దగ్గరా అదే ధర చెప్పాలి. అక్కడ 620, ఇక్కడ 500 అని తెలిస్తే దుకాణం వాళ్లు రెండోసారి తీసుకోరు. వదిన వద్దనుకుంది.

దసరాకు 15 రోజుల ముందు పెద్ద ఆర్డరు వచ్చింది. ఒక అపార్ట్‌మెంటులో 40 ఫ్లాట్లకూ ఒకే రకం తోరణాలు కావాలి. "నలభై తీసుకుంటున్నాం కదా, 350కి చేసివ్వండి" అన్నారు. ఎక్కువ తీసుకుంటే తగ్గించడం మన బజారు ఆనవాయితీ, అడగడంలో తప్పేం లేదు. అయితే ఎంత తగ్గించవచ్చన్నది ఊహించుకుని చెప్పేది కాదు. ఎక్కువ చేసినందువల్ల దేని ఖర్చు నిజంగా తగ్గుతుందో చూసి, అంతే తగ్గించాలి.

సరుకులో తగ్గేవి చూశాం. ఊలు ఉండలుగా కాక కిలోల లెక్కన కొంటే 600 పడేది 480కి వస్తుంది, తోరణానికి 11 రూపాయలు మిగులు. మువ్వలు గ్రోసుల లెక్కన కొంటే మరో 9. అదే ఆటో ఖర్చు నలభైకి పంచితే 5. అన్నీ ఒకే చోటికి వెళ్తాయి కాబట్టి విడివిడి పెట్టెలు అక్కర్లేదు, 20 మిగులు. 224 కాస్తా 179 అయింది.

సమయంలోనూ కొంత తగ్గుతుంది. పువ్వు పువ్వుకూ విడిగా చుట్టే బదులు, చెక్క మీద దూరంగా రెండు మేకులు కొట్టి, వాటి మధ్య ఊలు పొడుగ్గా చుట్టి, సమాన దూరాల్లో ముడులు వేసి, ముడుల మధ్య కత్తిరిస్తే ఒకేసారి వరుసగా పూలు వస్తాయి. పువ్వుకు 5 నిమిషాలు కాస్తా మూడున్నరకు దిగుతుందని అంచనా వేశాం. ఫెల్ట్ మూడు మడతలు వేసి ఆకులు కత్తిరిస్తే 8 నిమిషాలు, సర్దడంలో 7. మొత్తం 42 నిమిషాలు తగ్గి 168 అయింది. కానీ దండ గుచ్చడం, పట్టీకి బిగించడం నలభయ్యోదానికీ మొదటిదానికి పట్టినంతే పడుతుంది. అక్కడ చెయ్యి వేగం పెంచితే మువ్వలు ఊడతాయి.

179కి 168 కలిపితే 347. 15 శాతంతో 400. వాళ్లడిగిన 350కి ఒప్పుకుని ఉంటే తోరణానికి మిగిలేది 3 రూపాయలు. వదిన 400 చెప్పింది, వాళ్లు కాసేపు బేరమాడి ఒప్పుకున్నారు. రంగులకూ కొలతకూ ముందుగా ఒక నమూనా చేసిచ్చి, దాన్ని మాత్రం విడి ధరకే అమ్మింది. మొత్తం 16,000లో సగం ముందే తీసుకుంది. సరుకుకే 7,160 కావాలి. వాళ్లు కోరిన ఎరుపు, తెలుపు కలయిక ఇంకొకరికి అమ్ముడుపోయే రకం కాదు. ముందు తీసుకునే డబ్బు కనీసం సరుకు ఖర్చంత ఉండి తీరాలి.

ఊలు కొనేటప్పుడు లాట్ నంబరు చూసి, అవసరానికి పదో వంతు ఎక్కువ తెచ్చాం. ఒకే ఎరుపు అయినా వేరే లాటుది పక్కన పెడితే తేడా తెలిసిపోతుంది, వారం తర్వాత వెళ్తే అదే లాటు దొరకకపోవచ్చు. మువ్వలకు జిగురు గన్ వాడొద్దని నమూనా దగ్గరే అనుకున్నాం. పడమటి గుమ్మానికి మధ్యాహ్నమంతా ఎండ కొడితే ఆ జిగురు మెత్తబడి జారుతుంది. దారంతో కుట్టినవి నిలుస్తాయి.

అసలు చిక్కు రోజుల దగ్గర వచ్చింది. 168 నిమిషాల చొప్పున నలభైకి 112 గంటలు. ఇంటిపని పోగా వదినకు రోజుకు 5 గంటలు దొరుకుతాయి. అంటే 23 రోజులు, ఉన్నది 15. పక్కింట్లో డిగ్రీ చదువుతున్న అమ్మాయిని పిలిచి, పూల పని మొత్తం ఆమెకు అప్పగించింది, పువ్వుకు మూడున్నర రూపాయలు. 720 పూలు, 42 గంటల పని. వదినకు 70 గంటలు మిగిలాయి, 14 రోజులు. ఒక్కరోజు కూడా ఖాళీ లేకపోయినా చేయగలిగే పని. పాత లెక్కలోనే ఉండి, తన కూలి ధరలో లేకుండా ఒప్పుకుని ఉంటే, ఆ అమ్మాయికి ఇవ్వాల్సింది తన చేతి నుంచి పెట్టుకోవాల్సి వచ్చేది. ఇంట్లో చేసే పనికి కూలి కట్టుకోవడం ఎందుకని అడిగేవాళ్లకు నేను చూపేది ఈ సందర్భమే. మన కూలి ధరలో ఉంటేనే ఇంకో మనిషిని తోడు పిలవగలం.

మూడో రోజుకే మా అంచనా తప్పిందని తెలిసింది. మేకుల మీద చుట్టడం తొందరగానే అవుతోంది గానీ, కత్తిరించి గుండ్రంగా చేయడానికి పాత సమయమే పడుతోంది. పువ్వుకు మూడున్నర కాదు, 4 నిమిషాలు. ఆ అమ్మాయి ఏమీ అడగలేదు. వదినే పువ్వుకు 4 రూపాయలు చేసింది. అదనంగా పడిన 360 రూపాయలు లాభంగా వేసుకున్న 2,120లోంచి పోయాయి. తోరణాలు దుర్గాష్టమికి ముందురోజు సాయంత్రం ఇచ్చాం. పుస్తకంలో పువ్వు సమయం దిద్దుకుంది. దీపావళికి అలాంటిదే పెద్ద ఆర్డరు అడిగినవాళ్లకు ఈసారి 410 చెప్పింది.