ఒక్క చక్రం లెక్క తప్పితే రెండు దీపాలు

కారు డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ దీపం, ట్రాక్షన్ కంట్రోల్ దీపం ఒకేసారి వెలిగినంత మాత్రాన రెండూ విడివిడిగా పాడయ్యాయని అనుకోనక్కరలేదు. సాధారణంగా ఆ రెండింటినీ నడిపేది ఒకే కంట్రోల్ యూనిట్. దానికి సమాచారం అందేది ఒక్కో చక్రం దగ్గర ఒక్కటి చొప్పున ఉండే వీల్ స్పీడ్ సెన్సర్ల నుంచి. బ్రేకు వేసినప్పుడు ఒక చక్రం మిగతావాటికన్నా హఠాత్తుగా నెమ్మదిస్తే అది బిగుసుకుపోబోతోందని ఏబీఎస్ గ్రహిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక చక్రం అతిగా తిరిగితే అది జారుతోందని ట్రాక్షన్ కంట్రోల్ గ్రహిస్తుంది. చక్రాల వేగాలను పోల్చి చూడటమే రెండింటికీ ఆధారం కనుక, ఒక్క సెన్సర్ లెక్క మీద నమ్మకం పోయినా యూనిట్ రెండింటినీ పక్కన పెట్టేస్తుంది.

మామూలు బ్రేకులు అప్పుడు కూడా పడతాయి. తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే మాత్రం చక్రాలు బిగుసుకుపోయి బండి జారవచ్చు. ఎర్రటి బ్రేకు దీపం కూడా తోడైతే సంగతి వేరు. బ్రేకు ఆయిల్ తగ్గి ఉండవచ్చు, లేదా ముందు వెనక చక్రాలకు బ్రేకు బలాన్ని పంచే ఏర్పాటు ఆగి ఉండవచ్చు. అలాంటప్పుడు బండిని నడపకూడదు.

దీపం ఎప్పుడు వెలుగుతోందన్నది మొదటి ఆధారం. తాళం తిప్పగానే వెలిగి ఇంక ఆరకపోతే, చాలా బండ్లలో వైరు తెగడమో కనెక్టర్ వదులవడమో కారణమవుతుంది. ఇలాంటివి బండి కదలకముందే యూనిట్‌కు తెలిసిపోతాయి. ఆరిపోయి, బండి కాస్త వేగం అందుకున్నాక మళ్లీ వెలిగితే సెన్సర్ ఎదుట తిరిగే పళ్ల రింగును, ఆ రెండింటి మధ్య ఖాళీని అనుమానించాలి. రింగు చిట్లినా, సెన్సర్ కింద తుప్పు పేరుకుని దాన్ని పైకి నెట్టినా సిగ్నల్ తడబడుతుంది. బండి ఆగబోయే ముందు, మెల్లగా పోతుండగా, అవసరం లేకుండానే పెడల్ కాలికింద అదిరితే చిట్లిన రింగు మీదే అనుమానం ఎక్కువ.

ఒక ఉదాహరణ చూద్దాం. పాత హ్యాచ్‌బ్యాక్‌లో స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పినప్పుడల్లా రెండు దీపాలూ వెలుగుతున్నాయి. ఇంజిన్ కోడ్లు మాత్రమే చదివే చవక రకం రీడర్ ఇక్కడ పనికిరాదు, ఏబీఎస్ యూనిట్‌తో మాట్లాడగల స్కానర్ కావాలి. అది C0035 అని చూపింది. ఈ కోడ్ ఎడమ ముందు చక్రపు సెన్సర్ సర్క్యూట్‌ను సూచిస్తుంది. కంపెనీని బట్టి కోడ్ మారవచ్చు. సర్క్యూట్ అంటే సెన్సర్ ఒక్కటే కాదు, దాని వైరు, కనెక్టర్ కూడా. కోడ్ చూడగానే సెన్సర్ కొనేసి, మార్చాక కూడా దీపం ఆరక తలపట్టుకునేవాళ్లు పొరబడేది ఇక్కడే.

తరువాత స్కానర్‌లో నాలుగు చక్రాల వేగాలను పక్కపక్కనే పెట్టుకుని, ఖాళీ రోడ్డు మీద తిన్నగా 30 కిలోమీటర్ల వేగంతో పోవాలి. తెర చూసే పని పక్క సీటులోని మనిషిది. ఈ బండిలో నాలుగూ దాదాపు 30 చూపాయి. మలుపులో చక్రాల వేగాలు కొంత తేడాగా ఉండటం సహజమే, కానీ కుడి మలుపులో ఎడమ ముందుది ఒక్కసారిగా సున్నాకు పడిపోయింది. చక్రం తిరుగుతూనే ఉంది, కబురే అందడం లేదు.

ఇక మల్టీమీటర్ పని. ఈ బండిలో ఉన్నది అయస్కాంతం, తీగచుట్ట ఉండే పాత రకం సెన్సర్. ఇగ్నిషన్ ఆపి, కనెక్టర్ ఊడదీసి, సెన్సర్ వైపు కొసల మధ్య కొలిస్తే 1,200 ఓమ్‌లు వచ్చింది, కుడి వైపు సెన్సర్‌దీ దాదాపు అంతే. మీటరు అలాగే ఉంచి స్టీరింగ్ కుడికి తిప్పగానే తెర మీద OL అని వచ్చింది, అంటే దారి తెగింది. చక్రంతో పాటు ఏళ్ల తరబడి వంగుతూ నిటారవుతూ ఉన్న వైరు, పైతొడుగు బాగానే కనిపిస్తున్నా, లోపల విరిగింది. ఆ వైరు సెన్సర్‌తో కలిసే వస్తుంది కనుక ఇక్కడ సెన్సర్ మార్చడం సబబే. విరుపు కనెక్టర్‌కు అవతల, బండి వైపు ఉండి ఉంటే కొత్త సెన్సర్ వృథా అయ్యేది.

కొత్త బండ్లలో ఎక్కువగా ఉండే ఎలక్ట్రానిక్ రకం సెన్సర్‌ను ఇలా ఓమ్‌లలో కొలవకూడదు. ఆ అంకెకు అర్థం ఉండదు, మీటరు పంపే కరెంటుకు సెన్సర్ దెబ్బతినే ప్రమాదమూ ఉంది. ఇగ్నిషన్ వేసి, బండి వైపు కనెక్టర్‌లో వోల్టేజి వస్తోందో లేదో చూడాలి. అది చాలా బండ్లలో బ్యాటరీ వోల్టేజికి దగ్గరగా ఉంటుంది. వోల్టేజి సరిగానే ఉన్నా వేగం సున్నాగానే ఉంటే సెన్సర్, దాని వైరు, బేరింగ్‌లోని అయస్కాంత రింగు మిగులుతాయి. బేరింగ్ మార్చిన వెంటనే మొదలైన లోపమైతే, దాన్ని తిరగేసి బిగించారేమో ముందు చూడాలి. ఈ రింగు బేరింగ్‌కు ఒక వైపే ఉంటుంది, తిరగేస్తే సెన్సర్ ఎదుట ఏమీ ఉండదు.

మరమ్మతు అయ్యాక కోడ్ చెరిపి, మళ్లీ అదే మలుపు తిప్పుతూ నాలుగు వేగాలూ చూడాలి. కొన్ని బండ్లలో యూనిట్ చక్రాల వేగాలను స్వయంగా సరిచూసుకున్నాకే దీపాలు ఆరతాయి కనుక, కొంత దూరం నడపకుండానే మరమ్మతు విఫలమైందని తేల్చకూడదు.